గడియారం 7:10 అంటే చక్రానికి ఎంత?

ప్రశ్న: మా మనవరాలు 2009 మార్చి 20న అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పుట్టింది. ఆస్పత్రి కాగితంలో ఉదయం 7:10 అని ఉంది. ఇప్పటికి మూడు జాతకాలు వేయించాం. కంప్యూటర్‌లో తీసినదాంట్లో మేష లగ్నం వచ్చింది. అల్లుడు గంట తగ్గించి మళ్లీ తీస్తే కుంభం వచ్చింది. ఇక్కడ మా పంతులుగారు ఇండియా టైముకి మార్చి వేస్తే సింహం అన్నారు. నక్షత్రం మాత్రం మూడింట్లోనూ పూర్వాషాఢే. ఏది నమ్మాలి? అసలు ఇండియా టైముకి మార్చాలా, వద్దా?

సమాధానం:

అమ్మా, ఆ మూడూ కాదు. పాపది మీన లగ్నం, సుమారు 8 డిగ్రీలు. మూడు చక్రాలూ మూడు వేర్వేరు చోట్ల తప్పాయి. ఎక్కడ తప్పాయో తెలిస్తే రేపు ఇంకో బిడ్డ జాతకం వేయించేటప్పుడు మీరే పట్టుకోగలరు.

ముందు లెక్కేమీ లేకుండా ఒక పరీక్ష చేద్దాం. సూర్యుడు తూర్పున పొడిచే క్షణంలో లగ్నం ఎక్కడుంటుంది? సూర్యుడున్న చోటే ఉంటుంది. లగ్నమంటే ఆ క్షణాన తూర్పు దిక్కున నేలకు ఆని పైకి వస్తున్న రాశి భాగమే కదా. 2009 మార్చి 20న సూర్యుడు మీనంలో 6 డిగ్రీల దగ్గర ఉన్నాడు. ఆ రోజు ఎడిసన్‌లో గోడ గడియారం ప్రకారం 7 దాటగానే సూర్యోదయం. పాప 7:10కి పుట్టింది, అంటే పొద్దు పొడిచిన కొద్ది నిమిషాలకే. అలాంటప్పుడు లగ్నం సూర్యుణ్ణి దాటి ఒకటి రెండు డిగ్రీలు ముందుకు వెళ్లి ఉండాలి, అంతే. మీనం 8 అలా సరిపోతుంది. మేషమైతే సూర్యుడు పొడిచి గంట దాటి ఉండాలి. కుంభమైతే సూర్యుడు ఇంకా పొడవనే లేదు. సింహమైతే సూర్యుడు పడమటి వైపు దిగుతూ ఉండాలి. చక్రం చేతికి రాగానే సూర్యుడు ఏ భావంలో పడ్డాడో చూడండి. తెల్లవారుజామున పుట్టిన బిడ్డకు సూర్యుడు లగ్నంలోనో దాని పక్కనో ఉండాలి. మిట్టమధ్యాహ్నం పుడితే పదో భావం దగ్గర, సాయంత్రమైతే ఏడో భావం దగ్గర. ఈ ఒక్క చూపుతో గంటల తేడా ఉన్న తప్పులు చాలా వరకు దొరికిపోతాయి.

ఇప్పుడు లెక్క. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు. వసంతంలో గంట ముందుకు జరుపుతారు, శరదృతువులో వెనక్కి తెస్తారు. ఈ ముందుకు జరిపిన కాలాన్నే డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు. న్యూజెర్సీ గడియారం చలికాలంలో గ్రీనిచ్‌కి 5 గంటలు వెనక ఉంటుంది, ముందుకు జరిపిన నెలల్లో 4 గంటలే వెనక ఉంటుంది. 2009లో ఆ మార్పు మార్చి 8, ఆదివారం నాడు జరిగింది. మార్చి 20 ఆ తర్వాతిది కాబట్టి పాప పుట్టిన వేళకు తేడా 4 గంటలు. 7:10కి 4 కలిపితే గ్రీనిచ్ కాలం 11:10. ఇదొక్కటే అసలు మలుపు. ఇక్కడ 12:10 అని రాసుకుంటే తర్వాత ఎంత జాగ్రత్తగా లెక్క కట్టినా ఫలితం తప్పే.

గ్రీనిచ్ వేళ తెలిసాక ఆ ఊరి సొంత కాలానికి రావాలి. ఎడిసన్ రేఖాంశం పడమర 74 డిగ్రీల 25 నిమిషాలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 4 గంటల 57 నిమిషాల 40 సెకన్లు. 11:10 నుంచి అది తీసేస్తే ఎడిసన్ స్థానిక కాలం ఉదయం 6:12:20. చూశారా, గడియారం 7:10 అంటున్న వేళకు ఆ ఊరి ఆకాశం 6:12 దగ్గరే ఉంది. ఆ 58 నిమిషాల్లో గంట చట్టం చేసిన మార్పు. ఎడిసన్ 75 డిగ్రీల ప్రామాణిక రేఖకు కాస్త తూర్పున ఉన్నందువల్ల 2 నిమిషాల 20 సెకన్లు తిరిగి కలిశాయి.

చేత్తో వేసేవారి కోసం మిగతాది కూడా చెబుతాను. ఆ రోజు గ్రీనిచ్‌లో 0 గంటలకు నక్షత్ర కాలం 11 గంటల 50 నిమిషాల 38 సెకన్లు. దానికి 11:10 కలిపి, నక్షత్ర కాలం కొంచెం వేగంగా నడుస్తుంది కాబట్టి మరో 1 నిమిషం 50 సెకన్లు కలిపితే 23 గంటల 2 నిమిషాల 28 సెకన్లు. అందులోంచి రేఖాంశపు 4:57:40 తీసేస్తే ఎడిసన్ నక్షత్ర కాలం 18 గంటల 4 నిమిషాల 48 సెకన్లు. నక్షత్ర కాలం సరిగ్గా 18 గంటలైతే సాయన మేషం మొదలు అప్పుడే ఉదయిస్తుంది. ఇది ఏ అక్షాంశంలోనైనా అంతే. మనది 5 నిమిషాలు దాటింది కాబట్టి 40 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశంలో సాయన లగ్నం మేషం 2 డిగ్రీల 5 నిమిషాల దగ్గర పడింది. సాయన రాశిచక్రానికీ మన జాతకాల్లో వాడే నిరయన రాశిచక్రానికీ ఉన్న తేడాను అయనాంశ అంటారు, లాహిరి పద్ధతిలో అది ఆ రోజుకు సుమారు 23 డిగ్రీల 59 నిమిషాలు. అది తీసేస్తే మీనం 8 డిగ్రీల 6 నిమిషాలు. సూర్యోదయంతో చేసిన పరీక్ష చెప్పిందే ఇదీ చెప్పింది.

ఇక మీ మూడు చక్రాలు.

మేషం చూపించిన కంప్యూటర్ చక్రం తేడాను 5 గంటలుగా తీసుకుంది. 12:10 గ్రీనిచ్‌తో వేస్తే మేషం 3 డిగ్రీలు వస్తుంది, మీ కాగితంలో ఉన్నది అదే అయి ఉండాలి. ఎందుకిలా జరుగుతుందంటే, 1987 నుంచి 2006 దాకా అమెరికాలో గడియారం ముందుకు జరిపేది ఏప్రిల్ మొదటి ఆదివారం. 2005లో చేసిన చట్టం ప్రకారం 2007 నుంచి అది మార్చి రెండో ఆదివారానికి వచ్చింది. అంతకుముందు తయారైన ప్రోగ్రాములకు ఈ సంగతి తెలియదు. వాటి దృష్టిలో 2009లో మార్పు ఏప్రిల్ 5న. అందుకే మార్చి 8కీ ఏప్రిల్ 5కీ మధ్య పుట్టిన పిల్లలందరికీ అవి గంట తప్పుగా వేస్తాయి. శరత్తులోనూ ఇంతే. పాత పద్ధతిలో అక్టోబరు చివరి ఆదివారానికి గడియారం వెనక్కి వచ్చేది, కొత్తదాంట్లో నవంబరు మొదటి ఆదివారానికి వస్తుంది. ఆ మధ్య వారంలో పుట్టినవాళ్లకూ ఇదే చిక్కు.

ప్రోగ్రామ్ కొత్తదైనా ఇంకో దారిలో ఇదే తప్పు రావచ్చు. జాబితాలో `EST` అని ఎంచుకుంటే అది ఏడాది పొడవునా 5 గంటలే. `America/New_York` అని ఊరి పేరుతో ఉన్నది ఎంచుకుంటేనే ఆ తేదీకి ఏ నియమం వర్తిస్తుందో అదే చూసుకుంటుంది. మీ చక్రం అడుగున చిన్న అక్షరాల్లో ఎన్ని గంటల తేడా తీసుకున్నారో రాసి ఉంటుంది. అక్కడ పడమర 5:00 అని, డేలైట్ సేవింగ్ సున్నా అని ఉంటే తప్పు అక్కడే. పడమర 4:00 అని ఉన్నా, 5:00 రాసి పక్కన డేలైట్ సేవింగ్ 1 గంట అని ఉన్నా సరైనదే.

కుంభం విషయంలో మీ అల్లుడుగారి ఆలోచన సరైనదే. గంట తగ్గించాలి, నిజమే. కానీ ఆయన 6:10 అని వేళ మార్చి ఇచ్చారు, ఆయన వాడిన ప్రోగ్రామ్ ఆ తేదీకి డేలైట్ సేవింగ్ ఉందని గుర్తించి తనూ గంట తగ్గించింది. రెండుసార్లు తగ్గింది. గ్రీనిచ్ 10:10 అయ్యి, లగ్నం కుంభం 12 డిగ్రీలకు వెనక్కి పోయింది. ప్రవాస కుటుంబాల జాతకాల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యే తప్పు ఇదే. గంట తగ్గించే పని ఒక్కరే చేయాలి. మనిషి చేస్తే యంత్రంలో డేలైట్ సేవింగ్ ఆపేసి తేడా 5 గంటలని చెప్పాలి. యంత్రానికి వదిలేస్తే కాగితంలో ఉన్న 7:10నే ఉన్నదున్నట్టు ఇవ్వాలి. నా సలహా రెండోదే. ఎందుకంటే రేపు ఎవరైనా సరిచూస్తే ఆస్పత్రి కాగితంలో ఉన్న అంకె, చక్రం మీద ఉన్న అంకె ఒకటే కనబడాలి.

ఈ సందర్భంలో వారం గురించి కూడా ఒక మాట. మన లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది. పాప పుట్టింది శుక్రవారమే. అయితే 6:10 అని మార్చి రాసుకుని, దాన్ని దినపత్రికలో ఉన్న 7 గంటల సూర్యోదయంతో పోలిస్తే సూర్యోదయానికి ముందు పుట్టిందనుకుని గురువారం రాసేస్తారు. రెండు వేళలూ ఒకే గడియారానివి కావాలి.

పంతులుగారి సింహ లగ్నం సంగతికి వద్దాం, మీరు అడిగిన ఇండియా టైము ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. గ్రీనిచ్ 11:10 అంటే మన గడియారంలో అదే రోజు సాయంత్రం 4:40. ఆయన మార్చిన వేళ తప్పు కాదు. అది అక్షరాలా అదే క్షణం. అందుకే ఆయన చక్రంలో గ్రహాలన్నీ సరైన డిగ్రీల్లోనే ఉన్నాయి. తప్పు ఊరి దగ్గర జరిగింది. వేళను ఇక్కడికి తెచ్చి, ఊరుని కూడా ఇక్కడిదే వేశారు. హైదరాబాద్ అక్షాంశ రేఖాంశాలతో ఆ క్షణానికి లగ్నం కడితే సింహం 11 డిగ్రీలు వస్తుంది. అది హైదరాబాద్ తూర్పు దిక్కున ఉదయిస్తున్న రాశి. పాప పుట్టింది ఎడిసన్‌లో, అక్కడి తూర్పున అప్పుడు మీనం ఉదయిస్తోంది. భూమి మీద ఒకే క్షణాన గ్రహాలు అందరికీ ఒకటే, లగ్నం మాత్రం ఊరూరికీ వేరు.

కాబట్టి ఇండియా టైముకి మార్చాల్సిన అవసరమే లేదు. మార్చినా ప్రమాదం లేదు, ఒక షరతు మీద: ఊరు మాత్రం పుట్టిన ఊరే ఉండాలి, కాలం తేడాను మాత్రం తూర్పు 5:30గా ఇవ్వాలి. సాయంత్రం 4:40, తూర్పు 5:30, ఎడిసన్ అక్షాంశ రేఖాంశాలు ఇస్తే అదే మీనం 8 వస్తుంది. పంతులుగారికి ఈ మాట వినయంగా చెప్పండి, ఆయన వెంటనే ఒప్పుకుంటారు, ఎందుకంటే చంద్రుడూ దశా ఆయన లెక్కలో చెడలేదు. దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. వేళ మార్చకుండా ఉదయం 7:10నే ఇండియా టైముగా వేసేస్తారు. అప్పుడు క్షణమే తొమ్మిదిన్నర గంటలు వెనక్కి పోతుంది, చంద్రుడు నాలుగున్నర డిగ్రీలకు పైగా వెనకబడతాడు. నక్షత్రం కలిసినా పాదం మారిపోతుంది.

మూడింట్లోనూ పూర్వాషాఢ ఒకటే వచ్చిందని మీరు కొంత ధైర్యపడినట్టున్నారు. అది ఈ విషయంలో సాక్ష్యం కాదు. చంద్రుడు గంటకు సుమారు అర డిగ్రీ మాత్రమే కదులుతాడు, నక్షత్రం నిడివి 13 డిగ్రీల 20 నిమిషాలు. గంట తప్పు జరిగినా నక్షత్రం సాధారణంగా అదే ఉంటుంది, అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. అయితే దశలో బయటపడుతుంది. పూర్వాషాఢకు శుక్రుడు అధిపతి, ఆయన దశ 20 ఏళ్లు. 13 డిగ్రీల 20 నిమిషాలకు 20 ఏళ్లయితే ఒక్క డిగ్రీకి ఏడాదిన్నర. చంద్రుడు గంటలో కదిలే అర డిగ్రీకి దాదాపు 9 నెలలు. మేష, కుంభ చక్రాల్లో శుక్రదశ శేషం చూడండి. వాటి మధ్య రెండు గంటల తేడా ఉంది కాబట్టి సుమారు ఏడాదిన్నర తేడా కనబడాలి. సరైన తేదీ ఆ రెండింటికీ దాదాపు నడిమధ్యన పడుతుంది. పంతులుగారి కాగితంలో ఉన్న శేషం దానితో సరిపోవాలి, ఆయన క్షణం సరైనదే కాబట్టి.

ఇప్పుడు ఈ మీనం 8 ఎంతవరకు గట్టిది అన్నది కూడా చెప్పాలి. ఆ అక్షాంశంలో కుంభ, మీన, మేషాలు త్వరగా ఉదయిస్తాయి. లగ్నం గంటకు 25 డిగ్రీలకు పైగా, అంటే డిగ్రీకి సుమారు రెండున్నర నిమిషాల చొప్పున నడిచింది. మీనం మొదటికి పోవాలంటే దాదాపు 19 నిమిషాలు వెనక్కి పోవాలి. ఆస్పత్రి గడియారం అంత తప్పుగా ఉండదు, కాబట్టి లగ్నానికి భయం లేదు. రాశిని తొమ్మిది భాగాలు చేసి చూసే నవాంశకు ఆ మాట చెప్పలేను. 8 డిగ్రీల 6 నిమిషాలు మీనంలో మూడో నవాంశ, కన్య. మూడు నాలుగు నిమిషాలు ముందు పుట్టి ఉంటే అది సింహం, నాలుగైదు నిమిషాలు తర్వాతైతే తుల. కాన్పు గదిలో బిడ్డను అందుకున్నాక తలెత్తి గడియారం చూసి రాసే వేళకు అంత తేడా సహజం. పైగా 7:10 అన్నది గుండ్రటి అంకెలా ఉంది. నవాంశ లగ్నం మీద ఆధారపడి ఎవరైనా గట్టిగా ఏదైనా చెబితే ఆ ఐదు నిమిషాల సంగతి వారికి గుర్తుచేయండి.

మీ పాపకు రాలేదు కానీ ఇంకా కష్టమైన సందర్భం ఒకటుంది. గడియారం వెనక్కి తెచ్చే రాత్రి. 2009లో అది నవంబరు 1. తెల్లవారుజామున 2 కాగానే గడియారం మళ్లీ 1కి వచ్చింది. అంటే ఆ రాత్రి 1:20 రెండుసార్లు వచ్చింది. ఆ వేళకు పుట్టిన బిడ్డకు కాగితంలో 1:20 అని మాత్రమే ఉంటే ఏ లెక్కా దాన్ని తేల్చలేదు, ఎంత మంచి ప్రోగ్రామైనా అడక్కుండా ఒకటి ఎంచుకుంటుంది. ఆస్పత్రి రికార్డులో వేళ పక్కన ముందుకు జరిపిన కాలాన్ని సూచించే `EDT` అనో, వెనక్కి తెచ్చిన కాలాన్ని సూచించే `EST` అనో రాశారేమో చూడాలి. లేకపోతే కాన్పు వరుసలో ముందూ వెనకా ఇచ్చిన మందుల వేళలు, మొదటి ఫోను ఇంటికి వచ్చిన వేళ ఉపయోగపడతాయి. ఇక్కడికి ఫోను వచ్చినప్పుడు తాతయ్య డైరీలో రాసుకున్న ఇండియా వేళ అలాంటప్పుడు బంగారం, ఎందుకంటే మన గడియారం ఆ రాత్రి ఎటూ జరగలేదు. ఆ ఆధారమూ దొరక్కపోతే రెండు చక్రాలూ వేసి ఉంచుకోవడమే న్యాయం.

మిగతా దేశాల్లో, మిగతా ఏళ్లలో పుట్టినవారికి పద్ధతి ఇదే, నియమాలే వేరు. అమెరికాలోనే హవాయిలోనూ, అరిజోనాలో చాలా భాగంలోనూ గడియారం మార్చరు. ఆస్ట్రేలియాలో సిడ్నీ వంటి చోట్ల డిసెంబరు, జనవరి నెలల్లోనే గడియారం ముందుకు జరిగి ఉంటుంది, మన అలవాటు ప్రకారం చలికాలం అనుకుని వదిలేస్తే గంట పోతుంది. బ్రిటన్‌లో 1968 అక్టోబరు చివరి నుంచి 1971 అక్టోబరు చివరి దాకా శీతాకాలంలో కూడా గడియారం గంట ముందే ఉంచారు. సింగపూర్ 1982 జనవరి 1న గ్రీనిచ్‌కి ఏడున్నర గంటల ముందు నుంచి 8 గంటల ముందుకు మారింది. ఇక మన పెద్దవాళ్ల జాతకాలు చూసేవారు 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య దాకా మన దేశంలోనూ యుద్ధం కారణంగా గడియారం గంట ముందు నడిచిందని గుర్తుంచుకోవాలి. ఆ ఏళ్లలో పుట్టిన అమ్మమ్మల, తాతయ్యల కాగితంలో ఉన్న వేళ గడియారం చూసి రాసిందైతే తేడా ఆరున్నర గంటలు. పొద్దును చూసి ఘడియల్లో రాసుకున్నదైతే దానికి ఈ సవరణ వర్తించదు.

మీరిప్పుడు చేయవలసింది ఇది. కొత్త చక్రం వేయించండి: 2009 మార్చి 20, ఉదయం 7:10, ఎడిసన్, 40 డిగ్రీల 31 నిమిషాలు ఉత్తరం, 74 డిగ్రీల 25 నిమిషాలు పడమర, తేడా పడమర 4 గంటలు, లాహిరి అయనాంశ. లగ్నం మీనం, సూర్యుడు లగ్నంలో, చంద్రుడు ధనుస్సులో పదో స్థానాన ఉన్నాడో లేదో చూసుకోండి. ఆ చక్రం మీదే, పేరు కిందే, గ్రీనిచ్ కాలం 11:10 అని కూడా రాయించండి. పాప పెద్దదై ఎక్కడున్నా, ఏ పంతులుగారి దగ్గరకు వెళ్లినా, డేలైట్ సేవింగ్ ఉందా లేదా అని అప్పుడు ఎవరూ మళ్లీ వెతుక్కోనక్కరలేదు. పాత మూడు కాగితాల మీదా గీత గీసి కారణం రాసి పెట్టండి, పారేయకండి. మీ ఇంట్లో అదే ఏడాదుల్లో అక్కడ పుట్టిన మరో బిడ్డ చక్రంలో ఇదే మేషం తప్పు దాగుందేమో పోల్చి చూడటానికి అవి పనికొస్తాయి.